పెయిడ్ రివ్యూ: స్క్రిప్టు రచన

ఒక వస్తువును తయారుచేసిన కంపెనీ దగ్గర డబ్బో, వస్తువో, మరో లాభమో తీసుకుని ఆ వస్తువు మంచిచెడ్డలను చూసేవాళ్లకు చెప్పే వీడియోను పెయిడ్ రివ్యూ అంటారు. ప్రాయోజిత సమీక్ష అన్నది పుస్తకాల మాట. మనవాళ్లు వాడేది ‘పెయిడ్ ప్రమోషన్’, ‘కొలాబ్’, లేదా ఉత్త ‘ప్రమోషన్’. ఇది పూర్తిగా ప్రకటన కాదు, పూర్తిగా సమీక్షా కాదు. ప్రకటనలో చెడు చెప్పరు, సమీక్షకు అమ్మేవాడు డబ్బివ్వడు. రెండింటి మధ్య నిలిచిన ఈ రకానికి స్క్రిప్టు రాసేవాడు రెండు పనులు సరిగా చేయాలి. డబ్బు సంగతి చూసేవాడికి తప్పకుండా తెలిసేలా చెప్పాలి. వస్తువులోని లోపాన్ని, కొనేవాడికి పనికొచ్చేంత స్పష్టంగా చెప్పాలి. ఈ రెండూ కలం పట్టాక తేలేవి కావు. కంపెనీతో ఒప్పందం రాసుకున్న రోజునే చాలావరకు తేలిపోతాయి. ఈ వ్యాసం యూట్యూబ్‌లో తెలుగులో వచ్చే గృహోపకరణాల రివ్యూను ఉదాహరణగా తీసుకుంటుంది.

డబ్బు పుచ్చుకున్న రాతను మామూలు రాతలా చూపడం వీడియోలతో పుట్టిన అలవాటు కాదు. 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో అభ్యర్థుల ప్రచారం వార్తల రూపంలో అచ్చయిన తీరుపై పాత్రికేయ సంఘాలే గొంతెత్తాయి. 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం ‘పెయిడ్ న్యూస్’ మీద నివేదిక ఇచ్చింది. ఆ ఉపసంఘంలోని ఇద్దరు సభ్యుల్లో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. పత్రికలో కనీసం పేజీ మూలన చిన్న అక్షరాల్లోనైనా ‘ప్రకటన’ అని వేసే ఆనవాయితీ ఉండేది. వీడియోలో మనిషి మన కళ్లలోకి చూస్తూ మాట్లాడతాడు కాబట్టి, దాచిపెట్టిన బేరం అక్కడ ఇంకా లోతుగా పనిచేస్తుంది.

షాడో ఆఫ్ మోర్డోర్ కేసు

స్క్రిప్టు ఎక్కడ చెడిపోతుందో తెలుసుకోవడానికి అమెరికాలో జరిగిన ఒక వ్యవహారం చాలు. 2014లో వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘మిడిల్ ఎర్త్: షాడో ఆఫ్ మోర్డోర్’ అనే వీడియో గేమ్‌ను విడుదల చేస్తూ యూట్యూబర్లకు డబ్బిచ్చి వీడియోలు చేయించింది. ఒక్కొక్కరికి ముట్టింది వందల డాలర్ల నుంచి పదుల వేల డాలర్ల వరకు. అప్పట్లో అందరికంటే పేరున్న ప్యూడీపై కూడా వారిలో ఉన్నాడు. ఈ వీడియోలను మొత్తం 55 లక్షలకు పైగా సార్లు చూశారు. అందులో 37 లక్షలు అతనొక్కడివే.

2016 జూలైలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ సంస్థపై చర్య ప్రకటించింది. కమిషన్ ఎత్తిచూపిన అంశాలు రెండు. మొదటిది, ఒప్పందంలోనే గేమ్ గురించి ప్రతికూలంగా మాట్లాడకూడదనీ, అందులోని బగ్స్ చూపకూడదనీ రాసి ఉంది. రెండోది, డబ్బు సంగతిని వీడియో లోపల కాకుండా కింద ఉండే వివరణ పెట్టెలో రాయమన్నారు. ‘ఇంకా చూపించు’ అని నొక్కితే తప్ప ఆ వాక్యం కనిపించదు. వీడియోను ఫేస్‌బుక్‌లోనో ట్విట్టర్‌లోనో చూసినవాడికి ఆ పెట్టే ఉండదు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, గేమ్‌ను ముందుగా ఉచితంగా ఇచ్చారని మాత్రం చెప్పి డబ్బు మాట మింగేశారు.

ఇక్కడ ఎవరూ పచ్చి అబద్ధం ఆడలేదన్నది గమనించాలి. గేమ్ నిజంగానే బాగుంది, సమీక్షకులు చాలామంది మెచ్చారు. వెల్లడి కూడా ఏదో ఒక మూల ఉంది. అయినా తప్పయింది. చూసేవాడి కంట పడని చోట పెట్టిన వెల్లడి వెల్లడి కాదు. చెడు చెప్పే వీల్లేని చోట పలికిన మంచిమాటకు విలువ లేదు. ఈ రెండు నిర్ణయాలూ స్క్రిప్టు రాయకముందే కాగితం మీదికి వచ్చేశాయి.

భారతదేశంలో నియమాలు

మన దేశంలో రెండు రకాల నియమాలు కలిసి నడుస్తాయి. ఒకటి చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, తప్పుదోవ పట్టించే ప్రకటన విషయంలో దాన్ని సమర్థించి మాట్లాడినవారికి కూడా 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ఏడాదిపాటు, మళ్లీ చేస్తే మూడేళ్లపాటు, ఏ వస్తువునూ ప్రమోట్ చేయకుండా నిషేధించగలదు. ఇందులోనే ఒక రక్షణ కూడా ఉంది. తాను చెప్పే సంగతులు నిజమో కాదో తగినంత జాగ్రత్తగా సరిచూసుకున్నవాడికి శిక్ష వర్తించదు. అందుకే తెలివైన రివ్యూయర్లు కంపెనీ ఇచ్చిన ప్రతి గొప్పకూ ఆధారం అడిగి ఫైలు చేసుకుంటారు. 2022 జూన్ 9న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సమర్థించే మాట ఆ మనిషి అసలైన అభిప్రాయం అయి ఉండాలి, వస్తువు గురించి తగిన సమాచారమో అనుభవమో ఉన్నాకే చెప్పాలి. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ప్రత్యేకంగా ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. వీడియోలో వెల్లడి మాటలోనూ, తెర మీదా ఉండాలనీ, ప్రమోషన్ ఏ భాషలో ఉంటే వెల్లడి ఆ భాషలోనే ఉండాలనీ అది చెబుతుంది.

రెండోది ప్రకటనల పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. ఆస్కీ అని పిలిచే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. వీటిలో స్క్రిప్టు రాసేవాడికి నేరుగా పనికొచ్చేది కాలం లెక్క. 15 సెకన్ల లోపు వీడియోలో లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపున్నదానిలో మొత్తం నిడివిలో మూడో వంతు ఉండాలి. 2 నిమిషాలు, అంతకు మించినదైతే ఆ వస్తువు గురించి మాట్లాడే భాగం మొత్తం ఉండాలి. పూర్తి రివ్యూలో వస్తువు గురించి మాట్లాడని భాగమంటూ ఉండదు కాబట్టి, 8 నిమిషాల రివ్యూకు లేబుల్ కూడా దాదాపు 8 నిమిషాలే.

యూట్యూబ్‌లో వీడియో ఎక్కించేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ ఉందని టిక్ పెట్టే గడి ఒకటి ఉంటుంది. పెడితే వీడియో మొదట్లో "Includes paid promotion" అన్న గుర్తు 10 సెకన్లు కనిపిస్తుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. పది సెకన్ల ఇంగ్లిష్ గుర్తు ఆస్కీ చెప్పిన కాలానికీ సరిపోదు, ప్రభుత్వం చెప్పిన భాషకూ సరిపోదు. గడిలో టిక్ పెట్టాలి, దానితోపాటు మిగతావీ చేయాలి.

ఇక ‘లాభం’ అంటే డబ్బు ఒక్కటే కాదు. ఉచితంగా ఇచ్చిన వస్తువు, విదేశీ యాత్ర, హోటల్ గది, లింకు ద్వారా అమ్మకం జరిగితే వచ్చే కమీషన్, కంపెనీలో బావమరిది ఉద్యోగం, అన్నీ చెప్పవలసినవే. వస్తువు విషయంలో పన్ను కోణం కూడా ఉంది. 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను 194ఆర్ నిబంధన ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ఇలాంటి లాభాల మీద 10 శాతం పన్ను ముందే కోయాలంది. రివ్యూ అయ్యాక వెనక్కి ఇచ్చేసిన వస్తువు ఈ లెక్కలోకి రాదని పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. వస్తువు ఉంచుకుంటున్నారా, వెనక్కి పంపుతున్నారా అన్నది స్క్రిప్టులో ఒక వాక్యం కావడానికి ఇది రెండో కారణం. మొదటి కారణం చూసేవాడికి అది తెలియాలన్నదే.

వెల్లడి వాక్యం

తెలుగులో ఈ వాక్యం దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మర్యాద మన భాషకు అలవాటు. సినిమా టైటిళ్లలో ‘సమర్పించు’, రేడియో కార్యక్రమాల్లో ‘సౌజన్యంతో’ వినీ వినీ ఆ మాటలకు చెవి మొద్దుబారింది. ‘ఫలానా వారి సౌజన్యంతో ఈ వీడియో’ అంటే వినేవాడికి ఎవరో సాయం చేసినట్టుంటుంది తప్ప, డబ్బు చేతులు మారినట్టుండదు. ‘ఈ అవకాశం ఇచ్చిన ఫలానా వారికి థాంక్స్’ అన్నది మరీ అన్యాయం. అది కృతజ్ఞతలా వినిపించే ప్రకటన. ‘కొలాబ్’ అన్నది కుర్రకారుకు అర్థమవుతుంది గానీ, గ్రైండర్ కొనే డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో వారికి అర్థం కాకపోవచ్చు. కంపెనీ, నేను, డబ్బు అన్న మూడు మాటలూ, ‘ఇచ్చింది’ లేదా ‘తీసుకున్నాను’ అన్న క్రియా ఒకే వాక్యంలో ఉండటం ఉత్తమం. ‘ఈ వీడియో చేసినందుకు ఈ కంపెనీ నాకు డబ్బు ఇచ్చింది.’ దీన్ని తప్పుగా అర్థం చేసుకోవడం కష్టం.

ఆ వాక్యం ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. వస్తువు గురించి మొదటి పొగడ్త పడకముందే పెట్టాలి. చివర చెప్తే అప్పటికే అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుంది. చివరి దాకా చూసేవాళ్లు కూడా తక్కువ. మధ్యలో పెడితే వెల్లడిని స్కిప్ చేయడం సులువు. వాక్యం చెప్పే వేగం కూడా స్క్రిప్టులో రాసుకోవాలి. సంగీతం ఆపి, మామూలు గొంతుతో, కెమెరా వైపు చూస్తూ. మ్యూచువల్ ఫండ్ ప్రకటనల చివర వచ్చే గుక్కతిప్పుకోని హెచ్చరికలా చదివితే అది చెప్పినట్టూ కాదు, చెప్పనట్టూ కాదు.

వెల్లడి చేసినంత మాత్రాన మాట నిజాయితీ అయిపోదన్నది ఈ రంగంలో తరచూ మరిచిపోయే సంగతి. డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒక జాడీలో నాణేల విలువ ఎంతో అంచనా వేయమన్నారు. అంచనా వేసేవాళ్లు జాడీని దూరం నుంచి చూస్తారు. దగ్గరగా చూసిన సలహాదారు ఒకరు వాళ్లకు ఓ అంకె చెబుతాడు. అవతలివాడు ఎక్కువ అంచనా వేస్తే సలహాదారుకు ఎక్కువ డబ్బొచ్చే ఏర్పాటు కొందరికి చేశారు. ఈ ఏర్పాటు సంగతి బయటపెట్టినప్పుడు సలహాదారులు తగ్గలేదు సరికదా, ఇంకా పెద్ద అంకెలు చెప్పారు. ‘ఎలాగూ చెప్పేశాం కదా’ అన్న ధైర్యం అది. విన్నవాళ్లు మాత్రం ఆ అంకెలను తగ్గించవలసినంత తగ్గించలేదు. అంటే వెల్లడి ఒక్కటే ఉండి, లోపాలు చెప్పే భాగం బలహీనంగా ఉంటే చూసేవాడికి మేలు కన్నా కీడే ఎక్కువ జరగవచ్చు. ఈ రెంటినీ విడివిడిగా చూడకూడదనడానికి కారణం ఇదే.

ఏది లోపం, ఏది నటన

పెయిడ్ రివ్యూల్లో లోపాలు చెప్పని వీడియో ఈ రోజుల్లో అరుదు. లోపాలు చెబితే నమ్మకం పెరుగుతుందని అందరికీ తెలిసిపోయింది. కాబట్టి ఇప్పుడు జబ్బు వేరు. ‘రెండే రంగుల్లో వస్తోంది’, ‘డబ్బా కాస్త పెద్దది’, ‘ఇంత బాగున్నా ఆన్‌లైన్‌లో తొందరగా స్టాక్ అయిపోతోంది’ లాంటివి లోపాల ముసుగు వేసుకున్న పొగడ్తలు. పెళ్లిచూపుల్లో అమ్మాయికి ఉన్న లోపం చెప్పమంటే ‘మరీ అణకువండీ’ అన్నట్టు.

అసలు లోపాన్ని గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ మాట విన్నాక ఫలానా రకం మనిషి ఈ వస్తువు కొనడం మానుకుంటాడా? ఏ ఒక్కడూ మానుకోని లోపాన్ని స్క్రిప్టులోంచి తీసేసినా నష్టం లేదు. మానుకునేవాడు ఎవరో చెప్పగలిగితే అది లోపం. ఆ మనిషిని వాక్యంలో పేర్కొంటే ఇంకా మంచిది. ‘బరువు ఎక్కువ’ అన్నదానికన్నా ‘నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒంటరిగా ఎత్తలేరు’ అన్నది పది రెట్లు ఉపయోగం.

లోపం ఎక్కడ చెప్పాలన్నదాన్ని బట్టి కూడా నిజాయితీ మారిపోతుంది. ‘ప్లస్ పాయింట్లు’, ‘మైనస్ పాయింట్లు’ అని రెండు జాబితాలు చేసి మైనస్‌లను చివరి అరనిమిషంలో కుక్కడం వాడుక. ప్రతి గుణాన్నీ దాని ఖరీదుతో కలిపి చెప్పడం మేలు. రాళ్లు గట్టివి కాబట్టి పిండి మెత్తగా వస్తుంది, రాళ్లు గట్టివి కాబట్టే డ్రమ్ము బరువు. ఒకే వాక్యంలో రెండూ ఉంటే ఎడిటింగ్‌లో ఒక్కదాన్ని కోసేయడం కూడా కష్టం. దృశ్యం సంగతి మరిచిపోకూడదు. పొగిడేటప్పుడు వంటింటి వెలుగులో దగ్గరి షాట్లు, లోపం చెప్పేటప్పుడు వెనక మెరిసే ప్రోడక్ట్ షాట్ వేస్తే కన్ను చెవిని ఓడిస్తుంది. లోపాన్ని చూపించే షాట్ ఏదో స్క్రిప్టు ఎడమ వైపు గడిలో ముందే రాసి పెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ: రెండు లీటర్ల గ్రైండర్

ఒక కంపెనీ తన రెండు లీటర్ల టేబుల్ టాప్ వెట్ గ్రైండర్‌కు రివ్యూ అడిగిందనుకుందాం. రివ్యూయర్ ఒక తెలుగు వంటల ఛానెల్ నడిపే ఆవిడ అనుకుందాం. పేర్లు అనవసరం. ఆవిడ ముందు చేసే పని స్క్రిప్టు కాదు, ఉత్తరం. అందులో నాలుగు మాటలుంటాయి. వీడియో మొదట్లో డబ్బు సంగతి చెప్తాను. మూడు వారాలు వాడాకే చేస్తాను. స్క్రిప్టు మీకు ఒకసారి చూపిస్తాను, వాటేజీ, ధర, వారంటీ లాంటి అంకెల్లో తప్పుంటే దిద్దండి, అభిప్రాయం దిద్దకండి. నచ్చకపోతే వీడియో చేయను, అడ్వాన్స్ వెనక్కి ఇస్తాను. ఈ చివరి మాట లేకపోతే మిగతా మూడూ గట్టిగా నిలబడవు. అమెరికాలో 2024 అక్టోబర్ 21న అమల్లోకి వచ్చిన నకిలీ సమీక్షల నిబంధన, పొగిడితేనే డబ్బు అన్న షరతును నిషేధించింది. ఆవిడ ఉత్తరం అదే పనిని ఇంటి దగ్గరే చేస్తోంది.

గ్రైండర్ వచ్చింది. కంపెనీ పంపిన కాగితంలో ఉన్న గొప్పలను ఆవిడ ఒక నోట్‌బుక్‌లో మూడు కుప్పలు చేసుకుంది. తాను ఇంట్లో తేల్చగలిగేవి: పిండి నిగ్గు, సమయం, చప్పుడు. కాగితం చూస్తే తేలేవి: మోటారు వాటేజీ, వారంటీ ఎన్నేళ్లు, ఐఎస్‌ఐ గుర్తు. గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసింది. ఇక తాను తేల్చలేనివి: ‘పదేళ్లు మన్నుతుంది’, ‘కరెంటు 40 శాతం ఆదా’. మూడో కుప్పలోని మాటలకు పరీక్షా పత్రం అడిగింది. కంపెనీ పంపలేదు. కాబట్టి ఆ రెండు మాటలూ స్క్రిప్టులోకి రాలేదు. అది కంపెనీ చెప్పిందని చెప్పడం కూడా ఆవిడ మానేసింది. తన నోటితో పలికాక అది ఎవరి మాటో వినేవాడు గుర్తుపెట్టుకోడు.

తరువాత మూడు వారాల్లో తొమ్మిదిసార్లు రుబ్బింది. ప్రతిసారీ నానిన మినప్పప్పు తూకం, పోసిన నీళ్లు, పట్టిన సమయం రాసుకుంది. రెండుసార్లు అదే పప్పు సగం మిక్సీలో వేసి, సగం గ్రైండర్లో వేసి పోల్చింది. మిక్సీ పిండి చేతికి గోరువెచ్చగా తగిలింది, గ్రైండర్ పిండి తగల్లేదు. అరకిలో పప్పుకు 28 నిమిషాలు పట్టింది, ఇడ్లీ బాగా పొంగింది. పావుకిలో కన్నా తక్కువ పప్పు వేసినప్పుడు రాళ్లు పిండిని పట్టుకోకుండా జారాయి, బద్దలు మిగిలాయి. పిండితో నిండిన డ్రమ్మును ఎత్తి తూస్తే 7 కిలోలు. నడుస్తున్నప్పుడు పక్క గదిలో టీవీ మాట తెలియలేదు. పిండి అంచు దాకా పోస్తే మధ్య గొట్టం దగ్గర నీరు కారింది.

ఈ నోట్‌బుక్కే స్క్రిప్టు. ఆవిడ దాన్ని పైకి చదువుకుంటూ, చేతిలో టైమర్‌తో, 8 నిమిషాలకు కుదించింది. మొదటి 20 సెకన్లు ఇలా వచ్చాయి:

‘అందరికీ నమస్కారం అండీ. ముందుగా ఒక మాట. ఇది పెయిడ్ ప్రమోషన్. ఈ వీడియో చేసినందుకు గ్రైండర్ కంపెనీ నాకు డబ్బు ఇచ్చింది. గ్రైండర్ కూడా వాళ్లదే, వీడియో అయ్యాక వెనక్కి పంపించేస్తున్నాను. స్క్రిప్టులో అంకెలు వాళ్లు సరిచూశారు. నచ్చింది, నచ్చనిది మాత్రం నావే. కింద లింకులో మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది, అది కూడా తెలుసుకోండి.’

తెర మీద ఎడమ పై మూలలో ‘పెయిడ్ ప్రమోషన్ – కంపెనీ డబ్బు ఇచ్చింది’ అన్న పట్టీ మొదలయి, చివరి దాకా ఉంటుంది.  కింది మూలల్లో పెట్టిన లేబుళ్లను తరచూ నిడివి అంకె, సబ్‌టైటిళ్లు కప్పేస్తుంటాయి.

నాలుగో నిమిషం దగ్గరి మాటలు ఇవి:

‘ఇదిగో చూడండి, ఈ పిండి వేలితో రాస్తే ఇసుకలా తగల్లేదు. మిక్సీలో ఇది రాదు, నేను రెండుసార్లు పోల్చాను. దీనికి కారణం ఈ రాళ్లే. ఆ రాళ్ల వల్లే డ్రమ్ము పిండితో కలిపి 7 కిలోలు ఉంది. మా అత్తగారు ఎత్తలేకపోయారు. ఇంట్లో పెద్దవాళ్లే రుబ్బుకోవాలంటే ఇది కొనకండి.’

స్క్రిప్టు కంపెనీకి వెళ్లింది. రెండు దిద్దుబాట్లు వచ్చాయి. మొదటిది: ‘ఇద్దరే ఉన్న ఇంటికి ఇది వద్దు’ అన్నదాన్ని ‘పెద్ద కుటుంబాలకు అనువైనది’ అని మార్చమన్నారు. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ మొదటి వాక్యం విన్న ఇద్దరున్న ఇల్లు ఆగుతుంది, రెండోది విన్న ఇల్లు ఆగదు. ప్రతికూల వాక్యాన్ని సానుకూలంగా తిప్పి చెప్పమనడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే దిద్దుబాటు, అన్నిటికంటే తక్కువగా పట్టుబడేదీ. ఆవిడ ఒప్పుకోలేదు. రెండోది: కనీసం పావుకిలో పప్పు వేయాలని మాన్యువల్ 6వ పేజీలో ఉందనీ, ఆవిడ 150 గ్రాములు వేసి లోపమనడం న్యాయం కాదనీ రాశారు. అది నిజమే. ఆవిడ సరిగ్గా పావుకిలో వేసి మళ్లీ రుబ్బింది, బాగానే వచ్చింది. స్క్రిప్టులో వాక్యం మారింది: ‘పావుకిలోకు తగ్గితే రుబ్బదు, మాన్యువల్‌లో కూడా అదే రాశారు. ఒక పూట ఇడ్లీకి గ్లాసు పప్పు వేసుకునే ఇంటికి ఇది వద్దు.’ కంపెనీ దిద్దుబాటు వల్ల లోపం మాయం కాలేదు, ఇంకా కచ్చితమైంది. మంచి దిద్దుబాటు గుర్తు ఇదే. అది వచ్చాక వాక్యంలో ఒక అంకో, ఒక షరతో పెరుగుతుంది. చెడ్డ దిద్దుబాటు వచ్చాక వాక్యంలోంచి మనిషి మాయమవుతాడు.

తీర్పు భాగంలో ఆవిడ మార్కులివ్వలేదు. పదికి ఎనిమిది అన్న అంకె డబ్బు తీసుకున్న వీడియోలో నాకైతే అనవసరం అనిపిస్తుంది. ఆ అంకెను పోల్చుకోవడానికి, డబ్బు తీసుకోకుండా ఇచ్చిన మరో అంకె చూసేవాడి దగ్గర ఉండదు. దానికి బదులు ఎవరు కొనాలి, ఎవరు వద్దనుకోవాలి, మూడు వారాల్లో తేలనిది ఏమిటి అని మూడు మాటలు చెప్పింది. ‘బెల్టు ఎన్నాళ్లు వస్తుందో నాకు తెలీదు. మూడు వారాల్లో తేలే సంగతి కాదు అది.’ ధర చెప్పేటప్పుడు ఏ తేదీన చూసిన ధరో కూడా చెప్పింది.

వీడియో బయటికొచ్చాక

స్క్రిప్టు ఎంత శుభ్రంగా ఉన్నా, వీడియోను ముక్కలు చేసినప్పుడు పాడవుతుంది. 8 నిమిషాల వీడియోలోంచి 30 సెకన్ల షార్ట్ కోస్తారు. పిండి మెత్తదనం ఉన్న ముక్క బాగుంటుంది కాబట్టి అదే తీస్తారు, వెల్లడి ఉన్న మొదటి 20 సెకన్లు వదిలేస్తారు. 30 సెకన్ల ముక్కకు మూడో వంతు అంటే 10 సెకన్లు లేబుల్ ఉండాలి. పట్టీ వీడియోలోనే అచ్చయి ఉంటే ముక్కలో కూడా అది వస్తుంది, పైన అతికించే స్టిక్కర్‌లా పెడితే రాదు. కంపెనీ ఆ ముక్కను తీసుకుని తన ప్రకటనగా నడుపుకోవచ్చా అన్నది కూడా వీడియో బయటికి రాకముందే తేల్చుకోవాలి. ఆవిడ ‘నడపవచ్చు, కానీ 7 కిలోల వాక్యంతో కలిపి’ అని రాసింది.

కామెంట్లు మరో చోటు. కొన్నవాళ్లు ‘మా గ్రైండర్ బెల్టు నెలకే తెగింది’ అని రాస్తారు. కంపెనీ ఫోన్ చేసి తీసేయమంటుంది. తీసేస్తే స్క్రిప్టులో చూపిన నిజాయితీ అక్కడితో వెనక్కి పోతుంది. ఉంచడమే కాదు, అలాంటివి నాలుగైదు వస్తే కామెంట్లలో పైన ఒక మాట పిన్ చేయడం సరైన పని. ఒక హద్దు కూడా చెప్పాలి: మందులు, పెట్టుబడుల రివ్యూలు ఇక్కడ చెప్పినవాటి కిందికి రావు. ఆస్కీ 2023లో ఆరోగ్యం, డబ్బు విషయాల్లో మాట్లాడేవారికి అర్హతల నియమాలు వేరుగా పెట్టింది.

తెలుగులో చూసిన ఒక రివ్యూలో డబ్బు సంగతి దాచారని మీకు గట్టిగా అనిపిస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. చేసేముందు ఆ వీడియో లింకు, వస్తువు పేరు మొదటిసారి వినిపించిన నిమిషం, సెకను రాసి దగ్గర పెట్టుకోండి.